విరగని పాయసం: లీటరు పాలు, తూకం, పంచదార వేసే వేళ

ఈ డైరీలో ఒకే వంటకం ఉంది: లీటరు పాలతో చేసే బియ్యం పాయసం. పాలు ఎంతవరకు మరిగించాలి, పంచదార ఎప్పుడు వేయాలి, బెల్లం వేస్తే పాలు ఎందుకు విరుగుతాయి అన్న మూడు ప్రశ్నలకు తూకం వేసి సమాధానం రాబట్టడం దీని ఉద్దేశం. "పాలు సగం అయ్యేవరకు మరిగించండి" అని చాలామంది చెబుతారు. ఆ మాటను అక్షరాలా పాటించిన పాయసాలే ఇక్కడ ఎక్కువగా పాడయ్యాయి కనుక ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

సామగ్రి

పాలు ఫుల్ క్రీమ్ రకం. ప్యాకెట్ మీద కొవ్వు 6 శాతం, కొవ్వు కాని ఘనపదార్థాలు 9 శాతం అని ఉంటుంది. అంటే లీటరు పాలలో, తూకంలో 1,030 గ్రాములు అనుకుంటే, నీరు పోగా మిగిలేది సుమారు 155 గ్రాములు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే కనుక ఈ లెక్కలు వాటికి పనికిరావు.

గిన్నె 24 సెంటీమీటర్ల వెడల్పున్న, అడుగు మందంగా ఉండే స్టీలు గిన్నె. మొదట వాడిన లోతైన తపేలా మూతి ఇరుకుగా ఉండడం వల్ల సెగ కాస్త పెంచగానే పాలు పొంగి పైకి వచ్చాయి. పొంగకూడదని సెగ తగ్గిస్తే ఆవిరి పోవడమే దాదాపు ఆగిపోయింది. వెడల్పు గిన్నెలో పొంగు పరుచుకుని తనంతట తానే విరిగిపోతుంది కాబట్టి అదే పాలకు కొంచెం ఎక్కువ సెగ ఇవ్వవచ్చు. గిన్నె మార్చడానికి కారణం ఇదే. ఇందులో పొయ్యి తప్పేమీ లేదు.

మిగిలినవి: అయిదు కిలోల వరకు తూచే వంటింటి కాటా, దాని మీద వేడి గిన్నె పెట్టడానికి ఒక చెక్క పలక, అంచు బల్లపరుపుగా ఉండే చెక్క అట్లకాడ, వేడి కొలిచే థర్మామీటర్, పులుపు కొలిచే పీహెచ్ కాగితం ముక్కలు. కాటా లేనివారు పాలు పోయగానే చెక్క గరిటెను నిలువుగా ముంచి, తడి ఎక్కడివరకు వచ్చిందో గుర్తు పెట్టుకుని, ఆ ఎత్తును నాలుగు భాగాలుగా గీసుకుంటే చాలు.

ఖాళీ గిన్నె, అట్లకాడ కలిపి 1,280 గ్రాములు. ఇక నుంచి "తూకం" అన్నచోటల్లా ఈ బరువు తీసేసిన అంకెలే ఇస్తాను.

దశ 1: పాలను ముందే పరీక్షించడం

పాయసంలో పాలు విరిగితే నింద సాధారణంగా పంచదార మీద పడుతుంది. శుభ్రమైన పంచదారలో పులుపు లేదు, అది పాలను విరగ్గొట్టదు. పంచదార వేసిన సమయానికే పాలు విరిగే అంచున ఉంటాయి. తాజా పాల పీహెచ్ 6.6 నుంచి 6.7 దాకా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది 4.6 దగ్గరికి దిగితే గాని పాలు గడ్డకట్టవు. కానీ మరుగుతున్న పాలకు అంత పులుపు అవసరం లేదు, అందులో కొద్ది భాగం చాలు. పైగా పాలు చిక్కబడే కొద్దీ వాటిలో ఉన్న పులుపూ లవణాలూ కూడా తక్కువ నీటిలోకి ఒదుగుతాయి కాబట్టి, కాచినప్పుడు నిలిచిన పాలు అరగంట తర్వాత విరగడం వింతేమీ కాదు.

వేసవిలో మధ్యాహ్నం కొన్న ఒక ప్యాకెట్ పాలు వాసనకు బాగానే ఉన్నాయి, పొంగు వచ్చినప్పుడూ నిలిచాయి. మూడు వంతులకు మరిగేసరికి అట్లకాడ వెనుక భాగంలో సన్నని రవ్వలాంటి పలుకులు అంటుకోవడం మొదలైంది. గిన్నె అంచున పాలు లేత పసుపుపచ్చ నీటిలా పలచబడ్డాయి. విరగడానికి ఇదే మొదటి గుర్తు, ముద్దలు కనిపించేది ఆ తర్వాతే. ఈ రెండూ కనిపించిన తర్వాత చల్లటి పాలు పోసినా, మిక్సీలో తిప్పినా పలుకు పోదు, ఇంకా సన్నగా మారుతుంది అంతే. ఆ పాలను పంచదారతో ఇగరబెట్టి కోవా చేసుకోవడమే మంచిది.

అందుకే ఇప్పుడు ఈ క్రమం:

1. రెండు చెంచాల పాలను చిన్న గిన్నెలో పోసి రెండు మూడు నిమిషాలు బాగా మరిగించాలి.
2. గిన్నెను వంచి, గోడకు పలుకులు అంటుకున్నాయేమో చూడాలి.
3. ఏ కాస్త పలుకు కనిపించినా ఆ పాలను పాయసానికి వాడకూడదు.
4. నిన్నటి పాలను ఈరోజు పాలలో కలపకూడదు. పెరుగు గరిటెను, పులుసు గరిటెను ఈ గిన్నెలోకి రానివ్వకూడదు.

దశ 2: పాలు ఇగరబెట్టడం

గిన్నెను ముందుగా నీళ్లతో తడిపి, ఆ తడి ఉండగానే పాలు పోశాను. పొడి గిన్నెలో పోసిన పాలు అడుగంటడం ఎక్కువగా ఉంది. మొదటి పొంగు వచ్చేదాకా మధ్యస్థమైన సెగ, ఆ తర్వాత ఉపరితలం అంతటా చిన్న బుడగలు కదులుతూ ఉండేంత సెగ.

మీగడ విషయంలో రెండు మార్గాలు ప్రయత్నించాను. మొదటిది, కట్టిన మీగడను కదపకుండా వదిలేయడం. అది మూతలా పరుచుకుని ఆవిరిని ఆపింది, కింద పాలు పొంగి ఒక్కసారిగా పైకి లేచాయి, ఆ తర్వాత మీగడ తోలులా సాగే ముక్కలుగా పాయసంలో తేలింది. రెండోది, రెండు నిమిషాలకొకసారి అట్లకాడతో అడుగు గీసి, అంచులకు అంటిన మీగడను అది ఆరిపోకముందే పాలలోకి తోయడం. ఇలా తోసిన మీగడ మెత్తగా విడిపోయి కలుస్తుంది, పాయసానికి వచ్చే చిక్కదనంలో కొంత దీనిదే. అంచున గోధుమరంగుకు తిరిగి గట్టిపడిన మీగడను మాత్రం లోపలికి తోయకూడదు.

అడుగు కొద్దిగా మాడినట్లు వాసన వస్తే గీయవద్దు. గీస్తే మాడు అంతా పైకి వస్తుంది. గీయకుండా పాలను వెంటనే వేరే గిన్నెలోకి వంచుకుంటే చాలావరకు దక్కుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎక్కడ ఆపాలి?

సగానికి, అంటే 515 గ్రాములకు మరిగించి బియ్యం వేసిన పాయసం పైకి బాగానే కనిపించింది. కానీ బియ్యం ఉడకడానికి కూడా నీరు కావాలి. ఇరవై నిమిషాలయ్యేసరికి గిన్నెలో కదిలే పాలు లేవు, కోవాలో బియ్యం కలిపినట్లు ముద్ద తయారైంది, మెతుకు నడుమ మాత్రం తెల్లని పలుకు అలాగే ఉంది. వేడి నీళ్లు పోసి ఉడికించినా మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు నాలుకకు ఇసుకలా తగిలింది. లీటరు పాలలో సుమారు 50 గ్రాముల పాలచక్కెర ఉంటుంది. మిగిలిన నీరు తక్కువై, అది బాగా చల్లబడినప్పుడు ఆ చక్కెర కరిగి ఉండలేక సన్నని గింజలుగా తేలుతుంది. ఆ గరుకును పాలు విరగడం అనుకుని పారబోయడం వృథా. వేడిచేస్తే కరిగిపోయే గరుకు పాలచక్కెరది, ఎంత వేడిచేసినా పోని పలుకు విరిగిన పాలది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, పాలు అసలు ఇగరబెట్టకుండా బియ్యం రెట్టింపు వేసి చూశాను. చిక్కదనం త్వరగానే వచ్చింది. కానీ అది గంజి చిక్కదనం: నోటికి జిగటగా తగిలింది, పాల రుచి వెనకబడింది, చల్లారాక గరిటెతో కోయాల్సినంతగా బిగిసింది.

పాయసం చిక్కదనంలో పాలకు ఒక వాటా, బియ్యపు పిండికి ఒక వాటా ఉన్నాయి. పాలను ఒంటరిగా ముప్పాతిక వంతుకు, అంటే 770 గ్రాములకు మాత్రమే తెచ్చి, మిగిలిన ఇగురు బియ్యంతో పాటే జరగనివ్వడం వల్ల ఆ రెండూ సరిపడ్డాయి. బియ్యం ఉడికేటప్పుడు నీరు చాలినంత ఉంటుంది, మెతుకు విడిచే పిండి పాలలో సమంగా కలుస్తుంది.

తూకం ఇక్కడివరకు: 1,030 నుంచి 770 గ్రాములు. పోయిన నీరు 260 గ్రాములు. సమయం అరగంటకు కొంచెం తక్కువ.

దశ 3: బియ్యం

50 గ్రాముల సోనా మసూరి బియ్యం. రెండుసార్లు మాత్రమే కడిగి, అరగంట నానబెట్టి వడకట్టాను. నానాక తూకం 65 గ్రాములు. నాలుగైదుసార్లు తెల్లనీరు పూర్తిగా పోయేదాకా కడిగితే చిక్కదనానికి పనికొచ్చే పిండి కూడా పోతుంది. నేతిలో వేయించిన బియ్యానికి మంచి వాసన వస్తుంది గాని మెతుకు విడిగా నిలిచి పాలు పలచగా మిగులుతాయి. బియ్యాన్ని వేయించాలనిపిస్తే పావు వంతు బియ్యాన్ని నూకగా దంచి కలపడం ఒక సర్దుబాటు.

బియ్యం వేసిన మొదటి పది నిమిషాలు అడుగు వదలకుండా తిప్పాలి, ఎందుకంటే మెతుకులు అప్పుడు అడుగున కూర్చుని అంటుకుంటాయి. ఆ తర్వాత సెగ తగ్గించి అప్పుడప్పుడు కలిపితే సరిపోతుంది. ముప్పై అయిదు నిమిషాల దగ్గర ఒక మెతుకు తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కాను. బయట మెత్తగా, లోపల చిన్న రవ్వలా తగిలితే ఇంకా కాలేదు. పూర్తిగా వెన్నలా పరుచుకుంటే అయింది. మా ఇంట్లో పెద్దవాళ్లు "మెతుకు నలిగాకే తీపి" అనేవారు. దాని వెనుక ఉన్న కారణం తరువాతి దశలో తేలింది.

తూకం ఇక్కడివరకు: పాలు 770, బియ్యం 65, కలిపి 835. ఉడికాక 700 గ్రాములు. ఈ దశలో పోయిన నీరు 135, మొదటినుంచీ పోయింది 395 గ్రాములు.

దశ 4: పంచదార ఎప్పుడు?

ఒకే పాలు, ఒకే బియ్యం, రెండు చిన్న గిన్నెలు. ఒకదానిలో బియ్యంతో పాటే పంచదార, రెండోదానిలో మెతుకు నలిగాక పంచదార.

మొదటి గిన్నెలో పాలు విరగలేదు, ఈ విషయం స్పష్టంగా రాసిపెడుతున్నాను. కానీ రెండో గిన్నెలో మెతుకు వెన్నలా నలిగిన సమయానికి మొదటిదానిలో మెతుకు నడుమ తెల్లని చుక్క ఇంకా ఉంది. పంచదార నీటిని తనవైపు పట్టి ఉంచుతుంది. తీపి నీటిలో బియ్యపు పిండి ఉబ్బడానికి ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. మెతుకు మెత్తబడేదాకా ఆగితే అప్పటికి పాలు మరీ ఇగిరిపోయాయి, అడుగున పంచదార పాకంలా అంటుకుని గోధుమరంగు పొర కట్టింది.

దీనికి మినహాయింపు ఒకటుంది. కేరళలో అంబలప్పుళ గుడి పాలపాయసంలా లేత గులాబీ రంగు తిరగాలనుకునేవారు ఇళ్లలో పాలు, బియ్యం, పంచదార మూడింటినీ మొదటే కుక్కర్‌లో పోసి, అతి తక్కువ సెగ మీద చాలాసేపు ఉంచుతారు. మూత బిగించి ఉంటుంది కాబట్టి నీరు పోదు, బియ్యానికి కావలసిన సమయం దొరుకుతుంది. తెరిచిన గిన్నెలో చేసే పాయసానికి ఆ పద్ధతి చెల్లదు.

మెతుకు నలిగాక పంచదార వేసిన గిన్నెలో మరో ఇబ్బంది కనిపిస్తుంది: చిక్కగా ఉన్న పాయసం ఒక్క నిమిషంలో పలచబడుతుంది. 100 గ్రాముల పంచదార కరిగితే సుమారు 60 మిల్లీలీటర్ల ద్రవం కలిసినట్లే. ఇది చూసి పాయసం పాడైందనుకుని బియ్యప్పిండో, కార్న్‌ఫ్లోరో కలపడం వల్ల మళ్లీ గంజి రుచి వస్తుంది. పంచదార వేశాక అయిదారు నిమిషాలు ఉడికిస్తే చాలు.

1. మెతుకు నలిగిందని చూసుకున్నాక సెగ పూర్తిగా తగ్గించాలి.
2. 100 గ్రాముల పంచదారను మూడు విడతలుగా వేస్తూ, ఒకటి కరిగాక మరొకటి వేయాలి.
3. సన్నసెగ మీద అయిదారు నిమిషాలు, అడుగు గీస్తూ ఉడికించాలి.
4. గరిటె వెనుక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి, కానీ గరిటె వంచితే పాయసం ధారగా జారాలి. అప్పుడు పొయ్యి ఆపాలి.

ఇంకా కాస్త గట్టిపడాలనిపించే దశలోనే ఆపడం అవసరం. చల్లారే కొద్దీ బియ్యపు పిండి బిగుస్తుంది, వేడిగా ఉన్నప్పుడే ముద్దగా ఉన్న పాయసం గంట తర్వాత గరిటెకు రాదు.

తూకం ఇక్కడివరకు: 700కి పంచదార 100, మొత్తం 800. ఉడికాక 760 గ్రాములు. మొదటినుంచీ పోయిన నీరు 435 గ్రాములు.

యాలకుల పొడి, నేతిలో వేయించిన జీడిపప్పు ఇప్పుడే. కిస్‌మిస్ మాత్రం పాయసం పొయ్యి దిగాక కొంచెం ఆగి వేయాలి. అందులో పులుపు ఉంటుంది. మరుగుతున్న చిక్కని పాలలో పడిన కిస్‌మిస్ చుట్టూ పలుకులు కట్టడం ఒక గిన్నెలో కళ్లారా కనిపించింది.

దశ 5: బెల్లం పరమాన్నం

పండుగకు పంచదార పాయసం కన్నా బెల్లం పరమాన్నమే ఎక్కువ ఇళ్లలో చేస్తారు, పాలు విరిగే భయం నిజంగా ఉండేదీ ఇక్కడే. బెల్లం నీటిలో కరిగించి పీహెచ్ కాగితం ముంచితే ఒక బెల్లానికి 6 దగ్గర, మరొకదానికి 5.5 దగ్గర రంగు వచ్చింది. ఈ కాగితాలు అంత కచ్చితమైనవి కావు, కానీ రెండు బెల్లాలూ ఒకటి కావని చెప్పడానికి సరిపోయాయి. మొదటి బెల్లం ఉడుకుతున్న పాలలో వేసినా నిలిచింది. రెండోది రెండు నిమిషాల్లో విరగ్గొట్టింది. "మేము ఎప్పుడూ మరిగే పాలలోనే వేస్తాం, ఏమీ కాదు" అనేవారి మాట అబద్ధం కాదు, వారి బెల్లం అలాంటిది. కొట్టు మారితే ఫలితం మారవచ్చు.

రెండో బెల్లంతోనే పద్ధతి కుదుర్చుకున్నాను. ఈసారి బియ్యం ఉడికాక పాయసాన్ని 700 దగ్గర ఆపకుండా 660 గ్రాములదాకా తెచ్చాను, ఎందుకంటే బెల్లం పాకంతో నీరు కూడా లోపలికి వస్తుంది, బెల్లం వేశాక మళ్లీ ఇగరబెట్టే వీలు ఉండదు.

1. 140 గ్రాముల బెల్లం, 40 మిల్లీలీటర్ల నీళ్లు పొయ్యి మీద కరిగించి, ఇసుక, చెరకు పిప్పి పోయేలా వడకట్టి, రెండు నిమిషాలు మరిగించి పక్కన పెట్టాలి.
2. పాయసం గిన్నెను పొయ్యి మీద నుంచి దించి, అప్పుడప్పుడు కలుపుతూ, 60 డిగ్రీలకు చల్లారనివ్వాలి. థర్మామీటర్ లేకపోతే, ఒక చెంచాడు ఊదకుండానే నోట్లో పెట్టుకోగలిగే వేడి.
3. పాకం గోరువెచ్చగా ఉండాలి. ఒక చెంచా పాకాన్ని రెండు చెంచాల పాయసంలో విడిగా కలిపి, రెండు నిమిషాలు ఆగి, పలుకు లేదని చూసుకోవాలి.
4. మిగిలిన పాకాన్ని సన్నని ధారగా పోస్తూ కలపాలి. మళ్లీ పొయ్యి ఎక్కించకూడదు.

ఆ చిన్న పరీక్షలో పలుకు కనిపిస్తే పాకంలో చిటికెడులో సగం వంటసోడా వేశాను. పాకం బుసబుస పొంగింది, పొంగు ఆగాక కలిపితే పాలు నిలిచాయి. సోడా పూర్తి చిటికెడు పడినప్పుడు పరమాన్నం రంగు ముదిరి, చివర సబ్బు రుచి తగిలింది. కాబట్టి పరీక్షలో నిలిచే బెల్లానికి సోడా అక్కరలేదు.

అదే పాకాన్ని 90 డిగ్రీల దగ్గర ఉన్న పాయసంలో పోసినప్పుడు అంచున పసుపుపచ్చ నీరు తేరింది. బెల్లమూ పాలూ మారలేదు, మారింది వేడి ఒక్కటే.

తూకం ఇక్కడివరకు: 660కి పాకం సుమారు 165 (మరిగేటప్పుడు కొంత నీరు పోగా), మొత్తం 825 గ్రాములు. ఆరుగురికి వస్తుంది.

దశ 6: మర్నాడు

ఫ్రిజ్‌లో ఉంచిన పంచదార పాయసం గరిటె నిలిచేంత బిగిసింది. 60 మిల్లీలీటర్ల కాచిన పాలు పోసి సన్నసెగ మీద కలిపితే ముందురోజు చిక్కదనానికి వచ్చింది, ఇసుక తగల్లేదు. కాచని పాలు ఇందుకు వాడలేదు.

బెల్లం పరమాన్నాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టినప్పుడు అడుగున ఉన్న భాగం వేడెక్కగానే విరిగింది, పైభాగం బాగానే ఉంది. తర్వాత ఆ గిన్నెను వేడి నీళ్లున్న పెద్ద గిన్నెలో కూర్చోబెట్టి, పావుగంట కలుపుతూ వెచ్చచేస్తే విరగలేదు. ఎలాగూ వెచ్చగా తినడమే కావాలి కాబట్టి థర్మామీటర్ 55 చూపగానే తీసేశాను.